మంజులను లేపి నిలబెట్టిన రోజు

పోయిన నెల మా కాలేజీలో రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి నాలుగు కాగితాలు పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్ల తరఫున స్వాగతోపన్యాసం ఆమె చెప్పాలి, దాన్ని నేను దిద్దిపెట్టాలి. మొదటి రెండు కాగితాలు బాగానే ఉన్నాయి. మూడో దాంట్లో ఈ సంవత్సరమే చేరిన ఒక పిల్ల సంగతి రాసింది. తల్లి లేదట, తెల్లవారకముందే లేచి ఇంటిపనంతా చేసి రెండు బస్సులు మారి వస్తుందట. పేరు రాయలేదు. నేను ఎర్ర పెన్నుతో ఆ పేరా మొత్తం కొట్టేశాను. "సార్, అందరూ అదే బాగుందన్నారు" అంది ఆ అమ్మాయి. బాగుంది కాబట్టే కొట్టేశానని చెప్పాను. అర్థంకాక కాగితాలు తీసుకొని వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. రాస్తే మనసు తేలికపడుతుందన్న ఆశ నాకు లేదు.

మా ఊరు తమిళనాడులో, తుంబలహళ్లి ఆనకట్ట కింద. కాలువ నీళ్ళు పారేంత వరకు టమాట, అవతల మెట్టలో రాగులు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు చదవడం ఇంట్లో ఎవరికీ రాదు, నేనే చాలా కాలం తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను. మా ఇంటి పొద్దు అవ్వ రోటి చప్పుడుతో మొదలయ్యేది. పళ్ళు లేవు కనుక ఆకూ వక్కా ఒక చిన్న ఇనుప రోట్లో దంచుకొని నోట్లో వేసుకునేది. తిన్నెమీద కాళ్ళు చాపుకొని కూర్చొని ఆమె టకటకమని దంచుతూ ఉంటే, లోపల అమ్మ సంగటి గెలికే వాసన, పక్కన పెరట్లో మగ్గిన టమాటల పులుపు వాసన, కోత అయిన మడిలోంచి గొర్రెల పెంటిక వాసన, ఇవన్నీ కలిసి వచ్చేవి. ఈరోజుకీ గొర్రెల మంద దాటిపోయిన రోడ్డు మీద బస్సు కాస్త నెమ్మదిస్తే నాకు ఆకలేస్తుంది.

ఆ గొర్రెలు మునియప్పవి. పంట తీసిన మళ్ళల్లో ఆయన మంద కట్టేవాడు. వారం పది రోజులు గొర్రెలు అక్కడే పడుకుంటే నేలకు ఎరువు. అందుకు అవ్వ తన చేత్తో రాగులు కొలిచి ఇచ్చేది. మునియప్ప తిన్నె ఎక్కేవాడు కాదు. కింద చెట్టు మొద్దుమీద కూర్చొని, తువ్వాలు పరిచి రాగులు పోయించుకొని, అవ్వతో వానల గురించి మాట్లాడి పోయేవాడు. మంజుల ఆయన కూతురు. పదో తరగతి అయిన వెంటనే ఆ పిల్ల ఊర్లో కనపడడం మానేసింది. అడిగితే హోసూరులో మేనత్త ఇంట్లో ఉందని మునియప్ప చెప్పేవాడు. మూడేళ్ళు అదే మాట చెప్పాడు, ఊరంతా నమ్మింది.

నేను ధర్మపురి కాలేజీలో చరిత్ర బి.ఏ. మూడో సంవత్సరానికి వచ్చేసరికి మంజుల మా తిన్నె ముందుకు దరఖాస్తు ఫారం తీసుకొని వచ్చింది. సెల్ ఫోన్లు ఊరికి ఒకటీ రెండూ వచ్చిన రోజులవి. ఫారంలో పదో తరగతికీ ప్లస్ టూకీ మధ్య మూడేళ్ళు ఖాళీగా ఉన్నాయి. ప్లస్ టూ ప్రైవేటుగా, పాలకోడులో ట్యూటోరియల్‌కు పోయి రాసి పాసయింది. ఆ మూడేళ్ళూ ఏం చేశావని అడిగాను. అవ్వ లోపలికి పోయేదాకా ఆగి, తగ్గు గొంతుతో చెప్పింది.

"మిల్లులో ఉంటినన్నా. కోయంబత్తూరు పక్క నూలు మిల్లు. ఆడనే హాస్టలు, ఆడనే పని. గేటు దాటి పోయేదానికి లేదు."

అప్పుడే ఓణీ కొంగు కిందినుంచి కుడిచెయ్యి బయటపెట్టింది. ఉంగరపు వేలు చివరి కణుపు లేదు.

"కాలేజీలో ఎవురికీ చెప్పొద్దన్నా. మిల్లుకు పోయొచ్చిన పిల్లంటే ఎట్ల మాట్లాడతారో నీకు తెలుసు గదా. ఆడ నేను అందురి మాదిరి ఉండల్ల."

"నేనెందుకు చెప్తాను మంజులా" అన్నాను.

"చరిత్ర రాయి అన్నా. కతల మాదిరి ఉంటాదంట గదా" అని నవ్వింది. నేను ఫారంలో చరిత్ర అని రాశాను.

సీటు వచ్చింది. చేరే రోజుకు వారం ముందు మా తమిళ లెక్చరర్ పళనివేలు సార్ నన్ను పిలిచారు. అంతకుముందు వరకు స్వాగతోపన్యాసం ఎవరో ఒక లెక్చరర్ చెప్పేవారు. ర్యాగింగ్ చేస్తే జైలని చట్టం వచ్చినా కొత్తవాళ్ళకు సీనియర్లంటే భయం పోలేదనీ, ఈసారి సీనియరే నిలబడి రమ్మని పిలవాలనీ ప్రిన్సిపాల్ అన్నారట. సార్ నన్ను ఎన్నుకున్నారు. ఆ వారం రోజులూ సాయంత్రం క్లాసులు అయ్యాక ఖాళీ హాల్లో నాకు నేర్పించారు. ఆయన మాట్లాడేది తమిళమే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ప్రార్థన గీతం, దీపం వెలిగించడం అయ్యాక వచ్చేది స్వాగతం. దానికి ఒక వరస ఉంది. ముందు అధ్యక్షత వహించే ప్రిన్సిపాల్, తర్వాత ముఖ్య అతిథి, తర్వాత కాలేజీ కార్యదర్శి, ఆ తర్వాత శాఖల పెద్దలు, తల్లిదండ్రులు, చివరికి విద్యార్థులు. ఎవరి వరస తప్పినా ఆ మనిషి మూడేళ్ళు గుర్తుపెట్టుకుంటాడని సార్ చెప్పారు. "పేర్లు కంఠతా వచ్చినా సరే, కాగితం చూసే చదువు తంబీ. డిగ్రీలు కూడా. పేరు చెప్పినాక ఆగు. పక్కనుంచి పిల్లలు పొన్నాడ శాలువా కప్పాలి, జనం చప్పట్లు కొట్టాలి, అవి తగ్గాలి. అప్పుడు రెండో పేరు." అతిథి గొప్పతనం చెప్పడం స్వాగతం చెప్పేవాడి పని కాదు, దానికి పరిచయం చేసేవాడు వేరే ఉంటాడు. మైకుకు జానెడు దూరం. చూపు మూడో వరస మీద, అలా చూస్తే అందరినీ చూసినట్టుంటుంది. నీళ్ళు ఎక్కడ, బస్ పాస్ ఫారం ఎవరి దగ్గర, ఎవరైనా ఏడిపిస్తే ఏ సార్‌కు చెప్పాలి, ఇవి తప్పకుండా చెప్పాలి. అంతా కలిసి ఆరు నిమిషాలు.

"ఇవన్నీ ఎవరైనా చెప్తారు, మధ్యాహ్నం అన్నానికి ముందే మరిచిపోతారు" అన్నారు చివరి రోజు. "వచ్చిన పిల్లకాయకు తను కూర్చున్న కుర్చీ తనదే అనిపించాల. అదే స్వాగతం. అందుకని మధ్యలో ఒక నిజమైన మాట పెట్టు. నీ బస్టాండు సంగతి చెప్పు."

నా బస్టాండు సంగతి ఆయన ఒక్కరికే తెలుసు. మొదటి సంవత్సరం చేరిన కొత్తలో క్లాసులో నన్ను పేరూ ఊరూ చెప్పమంటే నా తమిళం యాసకు వెనక బెంచీ నవ్వింది. మర్నాటి నుంచి మూడు వారాలు నేను కాలేజీకి పోలేదు. పొద్దున్నే అమ్మ కట్టిచ్చిన క్యారియర్ పట్టుకొని ధర్మపురి బస్టాండులో దిగి, అక్కడే సిమెంటు బెంచీమీద సాయంత్రం దాకా కూర్చొని, తిని, తిరుగు బస్సు ఎక్కేవాణ్ణి. ఒకరోజు పళనివేలు సార్ నన్ను అక్కడ చూశారు. ఏమీ అడగలేదు. పక్కన కూర్చొని నా క్యారియర్‌లోంచి ఒక ముద్ద తిని, రేపు నాతో రా అన్నారు. ఆ మాట మైకులో చెప్పమంటున్నారు. మూడేళ్ళలో నేను సంపాదించుకున్న పేరు, తమిళంలో తడబడకుండా మాట్లాడతాడన్న పేరు, ఆ ఒక్క మాటతో పోతుందనిపించింది. సరే సార్ అన్నాను. ఇంటికి వచ్చి కూర్చొని నా కథ రాయబోతే చెయ్యి సాగలేదు. మంజుల కథ రాస్తే సాగింది. ఎంత సులభంగా సాగిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పేరు రాయడం లేదు కదా, ఇది ఆమెకు గౌరవమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమెను అడగాలన్న ఆలోచన రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. వచ్చింది. వద్దంటుందని తెలిసి అడగలేదు.

ఆ రోజు హాలు నిండిపోయింది. ఎడమవైపు ఆడపిల్లలు, కుడివైపు మగపిల్లలు, వెనక తల్లిదండ్రులు. గుమ్మం దగ్గర చందనం, కలకండ, గులాబీ పెట్టిన పళ్ళెం. మునియప్ప కొత్త తువ్వాలు భుజాన వేసుకొని వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. మంజుల నీలం చుడీదారులో మూడో వరసలో, పక్క పిల్లతో ఏదో మాట్లాడుతూ ఉంది. నవ్వుతూ ఉంది. ఆ కొద్దిసేపట్లో ఆ పిల్లకు ఆమె తన వేలు గడ్డి కోసే మిషన్‌లో పోయిందనీ, కామెర్ల వల్ల చదువు ఆగిందనీ చెప్పిందని నాకు తర్వాత తెలిసింది.

నా పేర్ల వరస తప్పలేదు. ప్రతి పేరుకూ ఆగాను. పొన్నాడలు కప్పారు, చప్పట్లు తగ్గాయి. తల్లిదండ్రులకు స్వాగతం చెప్పినప్పుడు వెనక్కి చూసి చేతులు జోడించాను. ఆ తర్వాత, "మీలో ఒక చెల్లెలు ఉంది" అని మొదలుపెట్టాను. గొర్రెలు కాచే ఇల్లన్నాను. పదిహేనేళ్ళకే మిల్లు గేటు వెనక మూడేళ్ళన్నాను. "ఆ మిషన్‌కు ఒక వేలు ఇచ్చి వచ్చిన చెయ్యి ఈరోజు పెన్ను పట్టుకోబోతోంది" అన్నాను. ఈ వాక్యం నేను రెండు రోజులు చెక్కాను. హాలంతా చప్పట్లు. అంత చప్పుడు నాకోసం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేను మూడో వరసను చూస్తూనే మాట్లాడాను, కానీ ఆ వరసలో ఉన్న మొహాన్ని చూడలేదు. సార్ చెప్పినట్టు, అందరినీ చూస్తున్నట్టు చూశాను.

నీళ్ళు, బస్ పాస్, ఫిర్యాదు పెట్టె సంగతులు చెప్పి ముగించి నా కుర్చీకి పోతుంటే ముఖ్య అతిథి ప్రిన్సిపాల్ చెవిలో ఏదో అన్నారు. ఆయన రిటైరైన విద్యాధికారి, మంచివాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి "ఎవరా పిల్ల? ఇక్కడ ఉందా?" అని అడిగారు. ఒక్క క్షణం ఉంది నాకు. ఈరోజు రాలేదు సార్ అని ఉంటే అక్కడితో అయిపోయేది. నేను చెయ్యి చాపి చూపించాను. మూడో వరస, నీలం చుడీదారు.

మైకులో పిలిచారు. ఆమె లేవలేదు. పక్కపిల్లలు తోశారు. లేచి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లెక్కింది. అతిథి తన మీద కప్పిన పొన్నాడ తీసి ఆమెకు కప్పి, ఆమె కుడిచెయ్యి పట్టుకొని అందరికీ కనపడేలా పైకెత్తారు. ఫోటో తీశారు. దిగిపోయేటప్పుడు ఆమె నా పక్కనుంచే పోయింది. తిట్టినా బాగుండేది. ఆమె "సరన్నా" అంది, అంతే.

సభ అయ్యాక పళనివేలు సార్ వరండాలో నా పక్కకు వచ్చి నిలబడ్డారు. అందరూ నన్ను మెచ్చుకొని పోతున్నారు. ఆయన "నీ బస్టాండు ఎక్కడ పోయింది తంబీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం ఒకే బస్సులో పోయాం. మంజుల కిటికీ పక్కన, ఒళ్ళో మడత పెట్టిన పొన్నాడ. మునియప్ప నా సీటు పక్కనే నిలబడి కడ్డీ పట్టుకొని ఊగుతున్నాడు. పాలకోడు చక్కెర మిల్లు వాసన తగిలింది.

"మేనత్తింట్లో ఉన్నిందని చెప్పింటిమి గదప్పా ఊర్లో" అన్నాడు మునియప్ప, నన్ను కాకుండా బయట చూస్తూ. "ఇప్పుడేమని చెప్పేది?"

"ఊర్లో ఎవురు చెప్తారు మామా?"

"ఫోటో తీసినారు గదా."

మర్నాడు జిల్లా పేజీలో ఫోటో పడింది. ఎత్తిన చెయ్యి, వంచిన తల. టీ అంగట్లో ఒకడు చదువుతుంటే పదిమంది విన్నారు. మా ఇంటికి కూడా ఆ పేపరు వచ్చింది. అమ్మ నా గురించి రాశారేమోనని ఆశగా చదవమంది. చదివాను. నా పేరు చివర్లో ఒక్కసారి ఉంది. అవ్వ దంచడం ఆపేసింది.

"మునియప్ప బిడ్డ మిల్లుకు పోయిందని నీకెట్ల తెలుసురా?" అంది.

"ఫారం రాసేటప్పుడు చెప్పిందవ్వా."

"చెప్పమని చెప్పిందా?"

అవ్వ ఆకు నోట్లో వేసుకోకుండా రోలు పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ ఏడు మునియప్ప మా మడిలో మంద కట్టలేదు. అవ్వ మనిషిని పంపింది, గొర్రెలకు ఒళ్ళు బాగలేదని చెప్పి పంపాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎరువు వేరే చోటినుంచి బండిమీద వచ్చింది.

కాలేజీలో ఆమెను ఎవరూ ఏడిపించలేదు. అది చెప్పాలి. అందరూ మంచిగానే ఉన్నారు. ప్రతి లెక్చరరూ క్లాసులోకి రాగానే "ఆ అమ్మాయి ఎవరు?" అని అడిగి లేపేవారు, ఆమెను చూసి నేర్చుకోండి అని మిగతావాళ్ళకు చెప్పేవారు. వయసులో పెద్దదని తెలిసి అందరూ అక్కా అన్నారు. గడ్డి మిషన్ మాట విన్న పక్కపిల్ల మాత్రం వేరే బెంచీకి మారిపోయింది, తనతో అబద్ధం చెప్పింది అంటూ. మిల్లులో ఎంతమంది ఉంటారు, రాత్రి షిఫ్టులో మగవాళ్ళు కూడా ఉంటారా అని ఒకరు అడిగారట, అది కూడా మామూలుగానే. ఇరవై దినాలు నిండకముందే ఆమె రావడం మానేసింది. నేను ఒకసారి వాళ్ళ ఇంటికి పోయాను. గొర్రెల దొడ్డి దగ్గర నిలబడితే వాళ్ళమ్మ వచ్చి, పాపకు తలనొప్పి అంది. లోపల దీపం ఉంది, మనిషి అలికిడి ఉంది. నేను రెండోసారి పోలేదు. అది కూడా నా తప్పుల్లో ఒకటిగానే లెక్కపెట్టుకుంటాను. పోయి నిలబడి ఉంటే ఏమి మారేదో తెలియదు, కానీ నేను పోలేదు. పరీక్షలు ఉన్నాయి అనుకున్నాను. సంవత్సరం తిరక్కుండా ఆమెకు పెళ్ళి చేసి పంపించారు.

ఆ ఉపన్యాసం మూలంగానే నాకు మాటకారి అని పేరు వచ్చింది, ఆ పేరు మీదే మొదటి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేను పనిచేసే కాలేజీలో హాలు చల్లగా ఉంటుంది, తెర మీద బొమ్మలు వేస్తారు, పొన్నాడకు బదులు పుస్తకం ఇస్తారు. అప్పుడు ఒక్క ఫోటోగ్రాఫరు, ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను. అప్పుడు పేపరు ఒక రోజుకు పాతబడేది. ఇప్పటి పిల్లలు తమ కష్టం తామే చెప్పుకుంటారు, సిగ్గు పడరు, అది మంచిదేననుకుంటాను. కానీ తాము చెప్పుకోవడం వేరు, ఇంకొకడు చప్పట్ల కోసం చెప్పడం వేరు. పేర్ల వరసా, ఎక్కడ ఆగాలో అదీ నేను పిల్లలకు నేర్పిస్తాను. నాకు ఆ మైకు దగ్గర నిలబడే పని చెప్తే గొంతు బాగలేదంటాను. బస్టాండు సంగతి ఈరోజు వరకు ఏ సభలోనూ చెప్పలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక చావుకు పోయి తిరిగివస్తూ ఏ. పళ్లిపట్టి అనే ఊరి కూడలిలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా పశువుల దాణా అంగట్లో మంజుల కనపడింది. తవుడు తూచి సంచికి కడుతోంది. నన్ను చూసి స్టూలు జరిపి "కూర్చోన్నా" అంది. వాళ్ళాయన సరుకుకు పోయినాడంది, ఇద్దరు పిల్లలంది. అవ్వ పోయిన సంగతి తనకు తెలుసంది. నేను ఎన్నేళ్ళుగానో లోపల పెట్టుకొన్న మాట అప్పుడు అన్నాను.

"ఆ దినం నేను చేసింది తప్పు మంజులా."

"ఏ దినం?" అంది. తెలియక అడిగినట్టు లేదు. నేను నోరు తెరిచి చెప్పాలని అడిగినట్టుంది. చెప్పాను. నీ మాట మైకులో చెప్పింది, నిన్ను చూపించింది అన్నాను.

ఆమె సంచి మూతి బిగించి ముడి వేసింది.

"నువ్వు చెప్పిందాంట్లో ఒగ అబద్ధమన్నా ఉండింటే బాగుండునన్నా. అది నేను కాదని చెప్పేసి కూర్చోనుందును. అంతా నిజమే చెప్తివి."

ఒక బస్సు వచ్చి పోయింది. నేను కదలలేదు. ఆమె చెయ్యి దులుపుకొని నన్ను ఒకసారి చూసి, వేరే గొంతుతో అడిగింది.

"నువ్విప్పుడు చరిత్రే గదా చెప్పేది?"

"ఊఁ."

"కాలేజీలో నేను సంగం కాలం రాజుల కాడికి వచ్చినాను. ఆడ నిలిచిపోయింది. వాళ్ళెనకాల ఎవురన్నా?"

"కళభ్రులంటారు. వాళ్ళ గురించి ఎవరికీ పెద్దగా తెలీదు."

"ఆమీట?"

"పల్లవులు."

"పల్లవులంటే, మహాబలిపురంలో రాళ్ళు కొట్టించినోళ్ళే గదా. చెప్పు."

చెప్పాను. ఇంకో బస్సు పోయింది. పల్లవులు అయిపోయి, చోళుల దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలాయన మేకను పట్టుకొని వచ్చి రెండు కిలోల తవుడు కావాలన్నాడు. ఆమె తక్కెడ వైపు చూడనుకూడా లేదు.

"రవంత ఉండు తాతా" అంది. "అన్న పాఠం చెప్తాండాడు."